తాతయ్య వెనక ఉన్న గుర్రం ఏ ఊరిది?

మా తాతయ్యవి మిగిలిన ఫొటోలు రెండే. ఒకటి పెళ్ళినాటిది, చెదలు సగం తినేశాయి. రెండోది అరచేతిలో పట్టేంత చిన్నది. అందులో తాతయ్య తెల్ల పంచె, పొడుగు చేతుల చొక్కాతో, మడిచిన గొడుగును చేతికర్రలా నేలకు ఆనించి నిలబడి ఉంటాడు. ఆయన వెనక చాలా ఎత్తైన దిమ్మె, దాని మీద గుర్రమెక్కిన ఒక దొర విగ్రహం. దిమ్మె మీద ఫలకం ఉండవలసిన చోట ఒక లేత మరక, ఆ మరకలో అడ్డంగా నాలుగైదు నల్లని చారలు ఉన్నాయి. అవి అక్షరాలని తెలుస్తుంది గాని ఒక్కటీ చదవడానికి లేదు.

మాది తాళ్ళరేవు. గోదావరి సముద్రంలో కలిసే ఈ మూలన పడవలు కట్టేవాళ్ళు, ఓడల మీద పనికి వెళ్ళేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. తాతయ్య కాకినాడ రేవు నుంచి ఓడల మీద కళాసీగా వెళ్ళినవాడు. ఏ ఏ రేవుల్లో దిగాడో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ ఫొటోకు పెద్ద కాపీలు తీయించి మా అమ్మకూ, మామయ్యకూ, మిగతా పిల్లలకూ తలా ఒకటి ఇవ్వాలనుకున్నాను. కింద ఊరి పేరు రాయాలి కదా. అక్కడ మొదలైంది ఈ పని. పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది.

అమ్మను అడిగితే ఏమాత్రం తడుముకోకుండా, "ధవళేశ్వరం. కాటన్ దొర" అంది.

అమ్మ అలా అనడంలో ఆశ్చర్యం లేదు. మా వైపు దొర అంటే ఒక్కరే దొర. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ విగ్రహం లేని పెద్ద ఊరు డెల్టాలో వెతికితే గాని దొరకదు. చాలా చోట్ల ఆయన గుర్రం మీదే ఉంటాడు. గోదావరిలో స్నానానికి సంకల్పం చెప్పే పురోహితులు కూడా ఆయనను తలుచుకుంటారు. చిన్నప్పటి నుంచి గుర్రం మీద దొర అంటే కాటనే అని చూస్తూ పెరిగిన కళ్ళకు ఈ ఫొటోలోనూ కాటనే కనిపిస్తాడు. నాకూ అలాగే కనిపించాడు.

అయినా రాసేముందు ఒకసారి చూసుకుందామని ఫొటో పట్టుకుని ధవళేశ్వరం వెళ్ళాను. గుర్రం మీద కాటన్ ఉన్నాడు. కాని ఎక్కడ నిలబడి చూసినా ఫొటోతో కలవలేదు. ముందుగా తేడా కొట్టింది దిమ్మె. ఫొటోలో తాతయ్య ఎత్తు స్కేలుతో కొలిస్తే 9 మిల్లీమీటర్లు. దిమ్మె, కింది మెట్లతో కలిపి, 36 మిల్లీమీటర్లు. అంటే నలుగురు తాతయ్యలు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత ఎత్తు. తాతయ్య అయిదున్నర అడుగుల మనిషి అని మామయ్య చెప్పాడు కాబట్టి అది ఇరవై అడుగుల పైమాటే. డెల్టాలో నేను చూసిన కాటన్ విగ్రహాలు వేటి కిందా అంత దిమ్మె లేదు. మన ఊళ్ళలో విగ్రహానికి పూలదండ వేయాలి, జయంతి నాడు నిచ్చెన వేసుకుని ఎక్కాలి. అందుకు తగ్గట్టే కడతారు. ఇరవై అడుగుల దిమ్మె కట్టినవాళ్ళకు దండ వేసే ఆలోచన ఉండి ఉండదు.

అక్కడి నుంచి వచ్చాక ఆ ఫలకాన్నే ఎలాగైనా చదవాలని పట్టుబట్టాను. కాకినాడలో ఒక స్టూడియోలో ఫొటోను అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేయించాను. తర్వాత 2400. కంప్యూటర్ తెర మీద ఆ మరక అరచేయంత అయింది, చారలు వేలెడంత లావయ్యాయి. అక్షరం మాత్రం రాలేదు. స్టూడియో అతను అంచులు పదును చేసి చూపించాడు. అప్పుడు చారల్లో అక్షరాల్లాంటివి ఏవో మొలిచాయి. నాకు "C" కనిపించింది, అంటే కాటన్ అనుకున్నాను. అదే చోట అతనికి "G" కనిపించింది. అక్కడితో అది ఆపేయడం మంచిదని అర్థమైంది. ఏ పేరు కావాలనుకుంటే ఆ పేరు కనిపించే దాన్ని సాక్ష్యం అనలేము.

ఎందుకు చదవలేమో లెక్క వేసి చూసుకుంటే మనసు కుదుటపడింది. తాతయ్య అయిదున్నర అడుగులు 9 మిల్లీమీటర్లుగా పడ్డాడంటే ఫొటోలో ప్రతిదీ అసలులో 186వ వంతు ఉంది. ఫలకం మీద మూడంగుళాల అక్షరం ఉందనుకుంటే, అది ఈ ఫొటోలో 0.4 మిల్లీమీటరు. భూతద్దం కింద పెట్టి చూస్తే ఈ ఫొటోలో మిల్లీమీటరులో పదో వంతు కన్నా సన్నని గీత ఎక్కడా లేదు. పాత డబ్బా కెమెరా కటకం అంతకన్నా సన్నగా పట్టలేదు. అంటే ఒక్కో అక్షరానికి అడ్డంగా నాలుగు చుక్కలు, నిలువుగా నాలుగు చుక్కలు. అందులో ఏ అక్షరమైనా ఇమడవచ్చు. స్కానర్ ఎంత పెంచినా ఆ నాలుగు చుక్కలనే పెద్దవి చేస్తుంది, అయిదోది పుట్టించదు.

ఆ లెక్కే నాకు దారి చూపింది. అక్షరం కనిపించదు సరే, మరి ఈ ఫొటోలో ఎంత పెద్ద వస్తువు కనిపించి తీరాలి? తాతయ్య చేతిలోని మడిచిన గొడుగు మధ్యలో రెండున్నర అంగుళాల మందం ఉంటుంది. అది స్పష్టంగా కనిపిస్తోంది. కాబట్టి అంతకన్నా పెద్దది ఏదైనా విగ్రహం మీద ఉంటే, దాని వెనక ఆకాశం ఉంటే, కనిపించి తీరాలి. కనిపించకపోతే అది అక్కడ లేనట్టే. లేని వస్తువును చూసి ఏదైనా చెప్పాలంటే ముందు ఈ మాట తేల్చుకోవాలి. లేకపోతే "మసకగా ఉంది, కనిపించలేదేమో" అన్న అనుమానం పోదు.

ఇలా చూడడం మొదలుపెట్టాక విగ్రహం మీద కళ్ళు నిలిచాయి. గుర్రం నాలుగు కాళ్ళూ దిమ్మె మీదే ఉన్నాయి, ఏ కాలూ లేపలేదు. దొర తల మీద టోపీ లేదు. ఆయన కాలు గుర్రం పొట్ట కిందికి వేలాడుతోంది. పాదం వెనక తెల్లని ఆకాశం. ఆ పాదం కింద ఏమీ లేదు.

రికాబు లేదు.

ఇంత పెద్ద విగ్రహానికి, రౌతు పాదం ఆనించుకునే రికాబు ఉంటే అది జానెడు వెడల్పు ఉంటుంది. గొడుగు కనిపించిన ఫొటోలో రికాబు కనిపించక తప్పదు. కాలి పక్క నుంచి దిగే పట్టీ కూడా లేదు. ఆ పాదం బొటనవేలు కాస్త కిందికి వంగి గాలిలో ఉంది. భూతద్దం పక్కన పెట్టి మళ్ళీ తీసి, ఆ సాయంత్రం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

మామయ్యకు ఫోను చేశాను. ఆయన నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. గీత, కొలత అంటే ప్రాణం. ఆయన ఒకటే అన్నాడు. "రికాబు లేని గుర్రాలు ఎన్ని ఉంటాయమ్మా? కాటన్ కాదని మాత్రం నాకు అనిపిస్తోంది. ముందు జాబితా రాసుకో."

జాబితా రాస్తుంటే ఒక్క శిల్పి దగ్గరికి వచ్చి ఆగింది. సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ అనే ఇంగ్లండు శిల్పి గుర్రం మీది కంచు విగ్రహాలు మూడు చేశాడు. ఒకటి మద్రాసు గవర్నరుగా ఉండి చనిపోయిన సర్ థామస్ మన్రోది, 1839లో మద్రాసు మౌంట్ రోడ్డులో ఐలాండ్ దగ్గర నిలబెట్టారు. రెండోది నాలుగో జార్జి రాజుది, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది. మూడోది వెల్లింగ్టన్‌ది, లండన్‌లోనే రాయల్ ఎక్స్చేంజి ముందు. మూడింటికీ జీను లేదు, రికాబులు లేవు. మద్రాసు విగ్రహం గురించి, శిల్పి రికాబులు మరిచిపోయి ఆ అవమానంతో ప్రాణం తీసుకున్నాడని ఒక కథ ఇప్పటికీ చెబుతుంటారు. మరిచిపోయినవాడు మూడు విగ్రహాల్లోనూ మరిచిపోడు. పాత గ్రీకు శిల్పాల్లో గుర్రపు రౌతులకు రికాబులు ఉండవు, ఆ పద్ధతిని తెలిసే తీసుకున్నాడు.

మన దేశంలో గుర్రం మీది దొరల విగ్రహాలు ఇంకా ఉన్నాయి. కాని పోలిక పెట్టగానే కొన్ని వాటంతట అవే తప్పుకున్నాయి. కలకత్తాలోని ఊట్రమ్ విగ్రహంలో ఆయన గుర్రాన్ని నిలవరిస్తూ వెనక్కి తిరిగి చూస్తుంటాడు. మన ఫొటోలో గుర్రమూ మనిషీ నిశ్చలంగా ఉన్నారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మా అక్క కొడుకు ఆ ఫొటోను ఫోనులో పెట్టి బొమ్మతో వెతికాడు. వెంటనే ఇల్లంతా వినపడేలా, "పిన్నీ, లండన్! ట్రఫాల్గర్ స్క్వేర్!" అని అరిచాడు. అలాంటి వెతుకులాట ఆకారం దగ్గరగా ఉన్నదాన్ని, అందులోనూ ఎక్కువ ఫొటోలు ఉన్నదాన్ని ముందు తెచ్చిపెడుతుంది. ఒకే శిల్పి చేతి గుర్రాలు కాబట్టి అది అలా రావడంలో తప్పు లేదు. కాని అమ్మ ముఖం వెలిగిపోయింది. నాన్న లండన్ చూశాడన్నమాట అనుకుంది. కళాసీగా వెళ్ళినవాడు లండన్ వెళ్ళి ఉండడని ఎవరూ కొట్టిపారేయలేరు. మద్రాసు దగ్గర కాబట్టి మద్రాసే అనడమూ న్యాయం కాదు. ఆ ఫొటోలో వెనక భవనాలైనా లేవు. కెమెరాను బాగా కిందికి పెట్టి పైకెత్తి తీయడం వల్ల విగ్రహం చుట్టూ ఆకాశమే ఉంది.

అప్పుడు మామయ్య వచ్చాడు. ఫొటో చేతిలోకి తీసుకుని విగ్రహం వైపు చూడనేలేదు. తాతయ్య కాళ్ళ దగ్గర చూశాడు. "నీడ చూడు" అన్నాడు.

ఎండ బాగా ఉన్న ఫొటో అది. గొడుగు నిటారుగా నేలకు ఆని ఉంది. ఫొటోలో గొడుగు పొడవు 5 మిల్లీమీటర్లు. దాని నీడ కుడి పక్కకు 1 మిల్లీమీటరు. నిలువుగా ఉన్న వస్తువు పొడవుకూ నీడ పొడవుకూ ఉన్న నిష్పత్తి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చెబుతుంది. సూర్యుడు ఎంత ఎత్తుకు ఎక్కగలడన్నది ఊరిని బట్టి ఉంటుంది. మద్రాసులో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ళ కింద దాక్కుంటుంది. లండన్‌లో అలా ఎప్పటికీ జరగదు. జూన్ నెలలో ఏడాదికల్లా పెద్ద పగటి రోజున, మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 62 డిగ్రీలు దాటడు. అంటే నీడ ఎంత పొట్టిదైనా వస్తువు పొడవులో సగానికి పైనే ఉంటుంది. మూడడుగుల గొడుగుకు అడుగున్నర పైన నీడ పడి తీరాలి. మన ఫొటోలో అది జానెడు కూడా లేదు.

నేను సంబరపడిపోయాను. మామయ్య చెయ్యి ఎత్తి ఆపాడు. "అప్పుడే కాదు. ఇది పక్కకు పడిన నీడ మాత్రమే. నీడ కొంత మన వైపుకో, వెనక దిమ్మె వైపుకో కూడా పడి ఉంటే? దూరం నుంచి తీసిన ఫొటోలో నేల అణిగిపోయి కనిపిస్తుంది. ముందు వెనకలుగా పడిన నీడ అడుగున్నర ఉన్నా ఇందులో గీతలా కూడా తెలియదు."

ఆ మాట నిజం. ఈ పొరపాటు ఎవరైనా చేయవచ్చు. అణిగిపోయిన నేల మీద నీడను కొలిచి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడనుకోవడం చాలా తేలిక. ముందు వెనకల భాగం తెలియాలంటే నేల మీద కాకుండా నిలువు గోడ మీద పడిన నీడ కావాలి. అది దిమ్మె మీద ఉంది.

దిమ్మె పైన నాలుగు వైపులా ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఉంది. ఎండ కెమెరా వైపు నుంచే వస్తోంది కాబట్టి ఆ చూరు నీడ దిమ్మె ముఖం మీద కిందికి దిగింది. చూరు ఎంత పొడుచుకొచ్చిందో దిమ్మె పక్క అంచున, ఆకాశం మీద గీసినట్టు కనిపిస్తుంది. అది 1.6 మిల్లీమీటర్లు. ముందుకూ అంతే ఉంటుందనుకోవచ్చు. దాని నీడ గోడ మీద 8 మిల్లీమీటర్ల దిగువకు వచ్చి ఆగింది. సూర్యకిరణం 1.6 ముందు నుంచి లోపలికి వచ్చేలోగా 8 కిందికి దిగిందన్నమాట. అంటే అయిదు వంతులు దిగేసరికి ఒక వంతు వెనక్కి జరుగుతోంది. అదే లెక్క గొడుగుకూ వర్తిస్తుంది. 5 మిల్లీమీటర్ల గొడుగు నీడ వెనక్కి 1 మిల్లీమీటరు పడుతుంది. పక్కకు పడింది మరో 1 మిల్లీమీటరు. ఈ రెండూ ఒక చదరానికి రెండు భుజాలైతే అసలు నీడ దాని కర్ణం, 1.4 మిల్లీమీటర్లు. 5కి 1.4 అంటే మూడో వంతు లోపే.

లండన్‌లో సగానికి పైన ఉండాల్సిన నీడ ఇక్కడ మూడో వంతు కూడా లేదు. కొలతల్లో ఎంత తప్పు ఉండవచ్చో మామయ్య అక్కడికక్కడే చూశాడు. కింద నుంచి తీసిన ఫొటో కాబట్టి చూరు దగ్గర కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. గొడుగు కొద్దిగా వాలి ఉండవచ్చు. రెండు కొలతల్లోనూ అసలు నీడ మనం కొలిచినదానికి ఒకటిన్నర రెట్లు ఉందని అనుకున్నా, 5కి 2.1 వస్తుంది. అప్పటికీ లండన్ నీడ కన్నా పొట్టిదే. అమ్మ అంతా విని, "అయితే లండన్ కాదు" అని మాత్రం అంది. ఆ మాట అనడానికి ఆమెకు కష్టమైందని తెలుసు. కాసేపు ఆ ఫొటోను ఆమె చేతుల్లోనే ఉండనిచ్చాను.

నీడ చెప్పేది అంతవరకే. అది ఊరి పేరు చెప్పదు. ఇదే నీడ రంగూన్‌లోనూ పడుతుంది, కొలంబోలోనూ, బొంబాయిలోనూ పడుతుంది. రికాబు లేని గుర్రం మూడు చోట్ల ఉందని శిల్పం చెప్పింది, వాటిలో రెండు ఉన్న ఊరు కాదని నీడ చెప్పింది. రెండూ కలిస్తే మద్రాసు మిగిలింది. కాని మిగిలిపోవడం వేరు, అదేనని తేలడం వేరు. మా జాబితాలోకి రాని నాలుగో గుర్రం ఎక్కడో ఉంటే?

విగ్రహాలు ఊళ్ళు మారతాయన్నది మరో భయం. ఏడో ఎడ్వర్డ్ రాజు గుర్రం మీది విగ్రహం ఒకటి ఢిల్లీలో ఉండేది, ఇప్పుడది కెనడాలో టొరంటోలో ఉంది. 1969లో అక్కడికి చేరింది. ఆ విగ్రహం ముందు దిగిన పాత ఫొటోను ఇప్పటి చోటుతో పోల్చి చూస్తే మన మనిషి కెనడా వెళ్ళాడనుకుంటాం. మద్రాసులోనే మౌంట్ రోడ్డు మీదున్న జనరల్ నీల్ విగ్రహాన్ని ప్రజలు వద్దని పోరాడితే 1937లో అక్కడి నుంచి తీసి మ్యూజియంలో పెట్టారు. అందుకని విగ్రహం ఒక్కటీ కలిస్తే చాలదు, దిమ్మె కూడా కలవాలి. విగ్రహాన్ని తరలించేటప్పుడు దిమ్మెను సాధారణంగా వెంట తీసుకుపోరు, కొత్తచోట కొత్తది కడతారు.

చెన్నైలో ఉన్న మా చిన్నాన్న కొడుకుకు చెప్పాను. మౌంట్ రోడ్డును ఇప్పుడు అన్నాసాలై అంటారు. మన్రో విగ్రహం ఆ రోడ్డు నడుమ, పెట్టిన చోటే ఉంది. మొదటిసారి అతను వెళ్ళి పదిహేను ఫొటోలు తీసి పంపాడు. అన్నీ బాగున్నాయి, అన్నీ పనికిరానివే. గుర్రం అదేలా ఉంది, రికాబు లేదు, కాని కోణం ఏదీ మన ఫొటోతో కలవలేదు. కోణం కలవకపోతే దిమ్మె వెడల్పూ చూరూ ఏవీ పోల్చలేము.

సరైన చోట ఎలా నిలబడాలో ఫోనులో చెప్పడానికి ఒక గుర్తు కావాలి. అది గుర్రం కాళ్ళ మధ్య దొరికింది. మన ఫొటోలో ముందు కాళ్ళు రెండింటి మధ్య సన్నని ఆకాశపు చీలిక కనిపిస్తుంది. పైన వెడల్పు, కింద గిట్టల దగ్గర మూసుకుపోతుంది. వెనక కాళ్ళు ఒకదాని వెనక ఒకటి పూర్తిగా దాక్కున్నాయి. ఎదురుగా నిలబడిన మనిషి రెండడుగులు పక్కకు జరిగితే ఆ చీలిక వెడల్పు మారిపోతుంది, మరికాస్త జరిగితే వెనక కాళ్ళు విడివడతాయి. అంటే ఆ చీలికా, ఆ దాక్కున్న కాళ్ళూ ఒకేసారి కనిపించే దిక్కు ఒక్కటే.

"వెనక కాళ్ళు ఒకటయ్యేదాకా ఎడమకు నడువు. తర్వాత ముందు కాళ్ళ మధ్య వెలుతురు చూడు" అన్నాను.

అతను ఆదివారం తెల్లవారుజామున, రోడ్డు మీద బండ్లు తక్కువగా ఉన్నప్పుడు వెళ్ళాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఒక్కో అడుగూ వేశాడు. "అక్కా, కాళ్ళు ఒకటయ్యాయి" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వెలుతురు కనిపిస్తోంది. పైన వెడల్పు, కింద లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. తాతయ్యను ఫొటో తీసిన మనిషి నిలబడ్డ వరసలోనే మా తమ్ముడు నిలబడి ఉన్నాడు.

ఆ ఫొటోను అచ్చు వేయించి, రెండు ఫొటోల్లోనూ గుర్రం చెవి కొస నుంచి తోక మొదలు దాకా ఒకే పొడవు వచ్చేలా సైజు కుదిర్చాం. మామయ్య బటర్ పేపరు మీద పాత ఫొటో రేఖలు గీశాడు. గుర్రం మెడ వంపు, దొర భుజాలు, వేలాడే పాదం, చూరు, దాని కింద మలిచిన అంచులు, దిమ్మె పక్క గీతలు. ఆ కాగితాన్ని కొత్త ఫొటో మీద పరిచాడు. గుర్రం కూర్చుంది. అది కూర్చుంటుందని తెలుసు, ఒకే శిల్పి పని కాబట్టి. నేను ఊపిరి బిగబట్టి చూసింది చూరు కోసం. చూరు అంచు గీత మీద గీత పడింది. దాని కింద మలుపులు పడ్డాయి. దిమ్మె వెడల్పు, విగ్రహం దిమ్మె మీద ఎంత ముందుకు నిలిచిందో ఆ ఖాళీ, అన్నీ పెన్సిలు గీత మందంలో కలిశాయి. ఒక్క కింది మెట్ల దగ్గర మాత్రం కాస్త తేడా వచ్చింది. పాత ఫొటో తీసినవాడు ఇంకా కిందికి వంగి తీసి ఉంటాడని మామయ్య అన్నాడు. ఆ తేడా మొత్తం ఒకే దిశలో, నేలకు దగ్గరయ్యేకొద్దీ పెరుగుతూ ఉంది కాబట్టి ఆ మాట నాకు సరిగానే తోచింది. వేరే దిమ్మె అయి ఉంటే తేడాలు ఒక పద్ధతి లేకుండా అక్కడక్కడా వచ్చేవి.

ఫలకం మీద ఏముందో ఇప్పటికీ మా ఫొటోలో చదవలేము.

మన్రో అని చెబితే అమ్మకు ఆ పేరు కొత్త. రాయలసీమలో అయితే ఆ పేరు తెలియనివారు తక్కువ. దత్తమండలాల కలెక్టరుగా ఆయన చేసిన పనికి అక్కడి రైతులు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి అక్కడే చనిపోయాడు. ఒక దొరను సీమవాళ్ళు, ఒక దొరను మనవాళ్ళు తలుచుకుంటున్నారని అమ్మకు చెప్పాను. కాటన్ విగ్రహమనుకుని ఆమె ఇన్నేళ్ళు దాచుకున్న ఫొటోలో వేరే దొర ఉన్నందుకు ఆమె ఏమంటుందోనని నాకు బెంగగా ఉండేది. ఆమె దొరను అడగనే లేదు. "మద్రాసులో ఎండకు గొడుగు వేసుకోకుండా మడిచి పట్టుకున్నాడేమిటి" అంది. ఫొటోకు ముఖం కనిపించాలని అయి ఉంటుందని మామయ్య అన్నాడు.

ఫొటో వెనక ఏమీ రాయలేదు. పెన్ను సిరా కొన్నేళ్ళకు ముందువైపు ఊరుతుంది, పెన్సిలు గట్టిగా నొక్కితే బొమ్మ మీద గాటు తేలుతుంది. దానికి సరిపడే కవరు ఒకటి చేసి, ఆ కవరు మీద పెన్సిలుతో రాశాను. మొదటి వరసలో తాతయ్య పేరు. రెండో వరసలో "మద్రాసు, మౌంట్ రోడ్డు, మన్రో విగ్రహం". దాని కింద చిన్న అక్షరాల్లో, "ఫలకం చదివి కాదు. రికాబు లేకపోవడం, నీడ, దిమ్మె కొలతలను బట్టి". రేపు ఎవరైనా దీన్ని సరిచూడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. బటర్ పేపరు కూడా అందులోనే మడిచి పెట్టాను. మూడో వరసలో "సంవత్సరం" అని రాసి పక్కన ఖాళీ వదిలాను.